నలభై ఎనిమిది పోగులు

"మా చార్టులో బాణాలు లేవు, పోగులున్నాయి. దయచేసి వాటిని లెక్కపెట్టండి."

ధర్మవరం పక్క ఊళ్లో తొమ్మిదో తరగతి చదువుతున్న ఆ అమ్మాయి తన స్టాల్‌ను ఇలా మొదలుపెట్టింది. సైన్స్ ఫెయిర్‌లో పిల్లల ఉపన్యాసాలు మామూలుగా గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారితో మొదలై, నీరే ప్రాణాధారం అన్న మాటతో ముగుస్తాయి. ఈ అమ్మాయికి అంత వ్యవధి లేదు. చెప్పాల్సిన లెక్క చాలా ఉంది.

జలచక్రం బొమ్మ తెలియనివాళ్లు ఉండరు. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండ, పైన నవ్వే సూర్యుడు, పక్కన మేఘం. సముద్రం నుంచి ఒక బాణం పైకి, మేఘం నుంచి ఒక బాణం కొండ మీదికి, కొండ నుంచి నది మళ్లీ సముద్రంలోకి. ఐదో తరగతి పుస్తకంలో చూసినా, ఆఫీసు గోడ మీద చూసినా ఇదే బొమ్మ. బాణాలన్నీ ఒకే లావు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. సముద్రం నుంచి లేచిన నీరంతా కొండ మీద పడి, పడిందంతా నదై పోతుందని ఆ బొమ్మ మనకు తెలియకుండానే నేర్పేస్తుంది. నిజానికి లేచిన నీటిలో చాలా భాగం భూమి మొహమే చూడదు. భూమ్మీద పడిన దానిలో చాలా భాగం నది మొహం చూడదు.

అందుకే ఈ అమ్మాయి బాణాలు తీసేసింది. ఇంట్లో మగ్గం ఉంది. చీర నేశాక మిగిలిన నీలం, ఆకుపచ్చ పట్టు దారం ముక్కలు తెచ్చి, నాలుగడుగుల థర్మోకోల్ అట్ట మీద గుండుసూదులు గుచ్చి, వాటి మధ్య పోగులు లాగి కట్టింది. ఒక్కో పోగు ఏడాదికి పదివేల ఘన కిలోమీటర్ల నీరు.

"పదివేల ఘన కిలోమీటర్లంటే ఎంతో నాకూ ముందు తెలియలేదు" అంది. "మా సార్ టీఎంసీల్లోకి మార్చమన్నారు. ఒక ఘన కిలోమీటరు అంటే 35 టీఎంసీల పైచిలుకు. నాగార్జునసాగర్ నిండితే 312 టీఎంసీలు. అంటే ఒక్క పోగులో దాదాపు 1,100 నాగార్జునసాగర్లు ఉన్నాయి."

చుట్టూ ఉన్నవాళ్లు అప్పుడు అట్టకు కొంచెం దగ్గరగా జరిగారు.

లెక్క ఇలా సాగింది. సముద్రాల మీంచి ఏడాదిలో ఆవిరై పైకి లేచేవి 41 పోగులు. వాటిలో 37 మళ్లీ సముద్రం మీదే వానగా పడిపోతాయి. ఆమె వేలితో ఆ ఒత్తు కట్టను నిమిరి చూపించింది. అట్ట కుడివైపు అంతా నీలం తెర కట్టినట్టుంది. మిగిలిన నాలుగంటే నాలుగు పోగులు గాలితో పాటు నేల వైపు వస్తాయి. నేల మీద కురిసేవి 11. నేల మీంచి మళ్లీ ఆవిరిగా లేచేవి 7, ఇవి ఆకుపచ్చ రంగువి. నదులుగా, నేల కింది ఊటగా సముద్రానికి చేరేవి 4. పైకి లేచినవి 41, 7 కలిపి 48. కిందికి కురిసినవి 37, 11 కలిపి 48.

ఈ అంకెలు ఆమె ఊహించినవి కావు. అమెరికాలోని జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రంలో పనిచేసిన కెవిన్ ట్రెన్‌బర్త్, ఆయన సహచరులు 2007లో వేసిన అంచనా ఇది. వాళ్ల లెక్కలో సముద్రం మీంచి 4 లక్షల 13 వేల ఘన కిలోమీటర్లు లేస్తుంది, 3 లక్షల 73 వేలు సముద్రం మీదే పడుతుంది. నేల మీద లక్షా 13 వేలు కురిసి, 73 వేలు తిరిగి లేచి, 40 వేలు సముద్రంలో కలుస్తుంది. పదివేలకు ఒక పోగు చొప్పున చిల్లర వదిలేస్తే ఆ అట్ట మీది కట్టలే వస్తాయి. 2015లో నాసా ఆధ్వర్యంలో మరో బృందం ఉపగ్రహాల కొలతలు కూడా కలిపి లెక్కిస్తే సముద్రపు పోగులు 45 దాకా పెరిగాయి, నేలకు వచ్చేవి నాలుగున్నర దాటాయి. సముద్రం నడిమధ్యన వానను కొలవడం ఈనాటికీ తేలిక పని కాదు కాబట్టి ఈ తేడాలు తప్పవు. అంకెలు అటూ ఇటూ కదిలినా కట్టల ఆకారం మాత్రం మారలేదు.

న్యాయనిర్ణేతగా వచ్చిన ఒక లెక్చరర్ కళ్లద్దాలు సర్దుకుని, సరిగ్గా అడగాల్సిన ప్రశ్నే అడిగారు. "సముద్రం నుంచి నేలకు నాలుగే వస్తున్నాయి కదమ్మా. మరి నేల మీద పదకొండు ఎలా కురుస్తాయి? లెక్క తప్పలేదూ?"

చార్టు మొత్తానికి ఆయువుపట్టు ఈ ప్రశ్నే. ఆమె దానికోసమే ఎదురుచూస్తున్నట్టుంది. ఆకుపచ్చ కట్ట మీద చెయ్యి వేసింది. "ఈ ఏడు కూడా ఉన్నాయి కదా సార్. నేల మీంచి, చెట్ల నుంచి లేచిన ఆవిరి మళ్లీ వానవుతుంది. బయటినుంచి వచ్చింది నాలుగు, ఇక్కడ తిరిగింది ఏడు. కలిపితే పదకొండు."

బల్ల కింద నుంచి రెండు పాలిథిన్ సంచులు తీసి చూపింది. పొద్దున తొమ్మిదింటికి బడి ఆవరణలోని వేపచెట్టుకు కట్టి, ఒంటిగంటకు విప్పి తెచ్చినవి. ఒకటి ఆకులున్న రెమ్మకు మూతి బిగించి కట్టింది. రెండోది ఆకులన్నీ దూసేసిన రెమ్మకు. మొదటి సంచి లోపలంతా మసకగా చెమ్మ పట్టి, అడుగు మూలలో చెంచాడు నీళ్లు చేరాయి. రెండోది పొడిగా ఉంది. ఆ రెండో సంచే ఈ స్టాల్‌లో నాకు బాగా నచ్చిన వస్తువు. అది లేకపోతే సంచిలో చెమ్మ గాలిలోంచే వచ్చిందని ఎవరైనా అనవచ్చు. రెండు సంచుల్లోనూ ఉన్నది ఒకే గాలి, వాటి మీద పడింది ఒకే ఎండ. తేడా ఆకుల్లోనే ఉంది. పాఠ్యపుస్తకం దీన్నే బాష్పోత్సేకం అంటుంది. వేరు పీల్చిన నీటిలో మొక్క తన ఒంటికి ఉంచుకునేది కొద్దిగానే, మిగిలిందంతా ఆకుల సూక్ష్మ రంధ్రాల గుండా బయటికి పోతుంది. ఆ ఏడు ఆకుపచ్చ పోగుల్లో సగానికి పైగా ఇలా మొక్కల ద్వారా లేచినవే. మిగతావి తడి నేల, చెరువులు, ఆకుల మీద నిలిచిన వాన చినుకులు ఆరిపోగా లేచినవి.

ఇక్కడ ఒక సవరణ చెప్పాలి. ఆ అమ్మాయి అట్ట మీది నాలుగు పోగులు నికరం లెక్క. నేల మీంచి లేచిన ఆవిరిలో కొంత గాలికి సముద్రం మీదికి పోతుంది, సముద్రపు ఆవిరి అంతకన్నా ఎక్కువగా ఇటు వస్తుంది. రావడంలోంచి పోవడం తీసేస్తే మిగిలేది నాలుగు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన వాన్ డెర్ ఎంట్ బృందం 2010లో ఈ రాకపోకలను విడదీసి చూసింది. నేల మీద కురిసే వానలో సుమారు 40 శాతం నేల మీంచి లేచిన ఆవిరేనని తేల్చింది. అంటే పదకొండులో నాలుగున్నర పోగులు నేల ఇచ్చినవి, ఆరున్నర సముద్రం ఇచ్చినవి. ఈ సంగతి చార్టులో పట్టలేదు, కానీ అది చెప్పే విషయానికి భంగం కూడా లేదు. ఎక్కడో ఒకచోట పెద్ద అడవి నరికితే గాలివాటున దూరాన ఉన్న పొలానికి వాన ఎందుకు తగ్గుతుందో ఆ ఆకుపచ్చ పోగులు చూస్తే తెలుస్తుంది.

జలచక్రాన్ని ఇలా కొలిచి చూడటం కొత్త సంగతేమీ కాదు. నదుల నీరు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న మీద యూరప్ పండితులు శతాబ్దాల పాటు తగువులాడారు. ఏడాది పొడుగునా పారే నదికి వాన ఒక్కటే చాలదని, సముద్రపు నీరు నేల కింది సొరంగాల గుండా కొండల్లోకి ఎక్కి ఊటలుగా పొంగుతుందని చాలామంది నమ్మారు. 1674లో పియర్ పెరో అనే ఫ్రెంచి పెద్దమనిషి పారిస్‌లో ఒక పుస్తకం వేశాడు. సెయిన్ నది ఎగువ భాగాన్ని తీసుకుని, ఆ పరీవాహక ప్రాంతంలో ఏడాదికి పడిన వాన ఎంతో, నదిలో పారిన నీరెంతో లెక్కగట్టాడు. వాన నీరు నది నీటికి ఆరు రెట్లు తేలింది. చాలకపోవడం మాట అటుంచితే, ఆరింట ఐదు వంతులు ఎక్కడికి పోయాయన్నదే ప్రశ్న అయ్యింది. ఆ ఐదు వంతుల్లో ఎక్కువ భాగం ఈ స్టాల్ మీది ఆకుపచ్చ పోగులే.

పోగుల పక్కన ఒక పారదర్శకమైన టిఫిన్ డబ్బా ఉంది. అందులో ఉప్పు కలిపి, చిటికెడు నీలిమందు వేసిన నీళ్లు, నడుమ ఒక ఖాళీ గిన్నె, పైన బిగించిన పాలిథిన్ కాగితం, గిన్నెకు ఎదురుగా కాగితం మీద చిన్న రాయి. ఎండలో పెడితే నీరు ఆవిరై కాగితానికి పట్టి, రాయి బరువుకు వంగిన చోటికి జారి గిన్నెలో పడుతుంది. గిన్నెలో చేరిన నీటికి రంగు లేదు. ఆమె వేలు ముంచి రుచి చూసి, ఉప్పదనం లేదంది. సముద్రం ఉప్పు తన దగ్గరే ఉంచుకుని నీటిని మాత్రమే పంపుతుందన్నది అంత చిన్న గిన్నెలో కనిపించింది.

రెండు స్టాళ్ల అవతల ఇదే ప్రయోగానికి ఒక కుర్రాడు మరిగే నీళ్లు పోశాడు. చుక్కలు చకచకా వచ్చాయి, జనం కూడా బాగానే మూగారు. కానీ "చెరువు కూడా ఇలా మరుగుతుందా?" అని ఒక చిన్నపిల్ల అడిగితే అతను తడబడ్డాడు. సైన్స్ ఫెయిర్లలో తరచూ జరిగే పొరపాటు ఇది. మరిగితేనే ఆవిరి అన్న అపోహ పిల్లల్లో అక్కడే పుడుతుంది. దండెం మీది తడి చీర ఏ పొయ్యీ లేకుండానే ఆరుతుంది. నీటి ఉపరితలం దగ్గర ఎక్కువ వేగంతో కదిలే అణువులు గాలిలోకి జారుకుంటాయి, పోతూ పోతూ వేడిని వెంట తీసుకుపోతాయి. ఆ వేడి కూడా చిన్నదేమీ కాదు. లీటరు నీరు అలా ఆవిరి కావడానికి పట్టే వేడితో మామూలు చల్లదనంలో ఉన్న ఎనిమిది లీటర్ల నీళ్లను మరిగే దాకా కాచవచ్చు. కొత్త కుండలో నీళ్లు చల్లబడేది ఇందుకే. నలభై ఎనిమిది పోగుల నీటిని పైకెత్తడానికి సూర్యుడు ఎంత వేడి ఖర్చు పెడుతున్నాడో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

మధ్యాహ్నం దాటాక మనవడి చెయ్యి పట్టుకుని ఒక పెద్దాయన వచ్చాడు. తలగుడ్డ తీసి భుజాన వేసుకుని అట్టను చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు. "ఏం పాపా, మా చెరువులో నీళ్లు ఎండకు ఆవిరైపోతాయి గదా. అవి మళ్లా మా ఊర్లోనే వానగా పడతాయా?"

"పడవు తాతా. మన నీళ్లు ఎక్కడో దూరం పోయి పడతాయి. మన దగ్గర పడేవి ఎక్కడివో" అందామె. అంతటితో ఆగకుండా ఎందుకో కూడా చెప్పింది. ఏ క్షణాన చూసినా ఆకాశం మొత్తంలో ఉండే ఆవిరి సుమారు 13 వేల ఘన కిలోమీటర్లు, అంటే ఒక పోగు, ఇంకో పోగులో మూడో వంతు కన్నా తక్కువ. భూగోళమంతటా సమంగా పరిస్తే అది ఒక అంగుళం వాన. కానీ ఏడాదిలో ఆకాశం గుండా 48 పోగులు నడుస్తున్నాయి. రోజుకు 0.13 పోగు వచ్చి, అంతే పోతుంటే, అక్కడ నిలవ ఉన్న 1.3 పోగు మారిపోవడానికి సగటున పది రోజులు చాలు. ఒక్కో చినుకు ఆకాశంలో ఉండేది ఇంచుమించు ఆ కాసిన్ని రోజులే. కానీ పది రోజుల్లో గాలి వందల, వేల కిలోమీటర్లు పోగలదు.

పెద్దాయన తలూపాడు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పడమటి కనుమలు అరేబియా సముద్రం నుంచి వచ్చే మేఘాల్ని అడ్డుకోవడంతో, ఆ కొండలకు ఇవతల వాన నీడలో పడిన నేల ఇది. ఇక్కడి ఎండకు, గాలికి నిండుగా నీళ్లున్న తొట్టి పెడితే ఏడాదిలో అంతకు మూడింతల నీరు ఆరిపోగలదు. ప్రపంచం సగటున పదకొండులో నాలుగు పోగులు సముద్రానికి పోతాయని అట్ట చెబుతున్నా, ఈ నేల మీద పడిన దానిలో నది దాకా పోయేది చాలా తక్కువ. చిత్రావతి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగా కనిపించేది అందుకే. సగటు అన్నమాటకు ఉన్న పరిమితి ఇదేనని ఆ అమ్మాయి ఒప్పుకుంది. ఈ చార్టు భూగోళానిది, మన మండలానిది కాదు అంది.

పెద్దాయన రెండో ప్రశ్న ఇంకా సూటిగా వచ్చింది. "ఇందులో నా బోరు ఏది?"

మామూలు జలచక్రం బొమ్మలో దానికి జవాబు దొరకదు. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన బెంజమిన్ అబాట్, మరికొందరు కలిసి 2019లో వివిధ దేశాల పాఠ్యపుస్తకాలు, పరిశోధన పత్రాలు మొదలైనవాటి నుంచి 464 జలచక్రం బొమ్మలు సేకరించి పరిశీలించారు. వాటిలో 85 శాతం బొమ్మల్లో మనిషి నీటిని కదిలించే పనేదీ కనిపించలేదు. డ్యామ్ లేదు, కాలువ లేదు, బోరు లేదు, పొలం లేదు. ప్రపంచమంతా వాడుకునే బొమ్మను తయారుచేసిన అమెరికా భూగర్భ సర్వే సంస్థ కూడా 2022లో పాతదాన్ని పక్కనపెట్టి, పొలాలు, ఊళ్లు, పంపులు ఉన్న కొత్త బొమ్మ విడుదల చేసింది.

ఈ అమ్మాయి దగ్గర మనిషి పోగు ఉంది. ఎర్రది. ఆమె దాన్ని కట్టడానికి ఒక పోగును గోటితో విడదీసి, సగానికన్నా తక్కువ దారాన్ని తీసింది. ప్రపంచంలో మనుషులు నదులు, చెరువులు, బోర్ల నుంచి ఏడాదికి తోడుకునేది సుమారు 4 వేల ఘన కిలోమీటర్లు, అందులో పెద్ద వాటా సేద్యానికే. పదివేలకు ఒక పోగైతే ఇది అర పోగు కూడా కాదు. నలభై ఎనిమిది పక్కన చూస్తే కంటికి ఆనదు. "కానీ తాతా, మనం తోడేది 48లోంచి కాదు, ఈ నాలుగులోంచి" అని ఆమె ఆ ఎర్ర పోగును నది కట్ట మీద ఆనించి పట్టుకుంది. నాలుగులో పదో వంతు. ఆ నాలుగులోనూ పెద్ద భాగం అమెజాన్, కాంగో లాంటి నదుల్లోనో, వరదగా నాలుగు రోజుల్లోనో పోయేదే. దాన్ని మన పొలానికి మళ్లించలేం. మనిషి వాడకం ఒక్కచోట గుమిగూడితే ఏమవుతుందో తెలుగు నేలకు తెలుసు. 2001 నుంచి 2004 దాకా కరవు ఏళ్లలో కృష్ణా నది సముద్రానికి దాదాపు చేరనే లేదు. ఆ నది కట్ట మొత్తం ఎర్రబారిపోయింది.

బోరు నీటి సంగతి ఇంకా వేరు. అట్టకు ఎడమవైపు కొండ కింద ఆమె రాతి పొరను గోధుమ రంగుతో వేసి, అందులో పగుళ్లు గీసింది. అనంతపురం నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్ లాంటి గట్టి రాయి. ఇసుక నేలలో ఇంకినట్టు నీరు ఇంకదు. పై పొరలో శిథిలమైన రాతిలోకి, దాని కింది పగుళ్లలోకి మాత్రమే దిగుతుంది. పడిన వానలో అలా దిగేది పదో వంతు, చాలాచోట్ల అంతకన్నా తక్కువ. వాన పడిన కొన్ని నెలలకే పై బావి నిండవచ్చు. లోతు పగులులోకి చేరడానికి మాత్రం ఏళ్లు, ఒక్కోచోట తరాలు పడుతుంది. జలచక్రం బొమ్మలో మేఘం బాణం, నేల బాణం ఒకే వేగంతో తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. ఒకటి పది రోజుల బాణం, మరొకటి మనిషి జీవితం కన్నా పొడవైనది కావచ్చు.

పెద్దాయన తన బోరు ఎన్ని వందల అడుగులో చెప్పాడు. ఆ అమ్మాయి గుండుసూది తీసి గోధుమ రంగు రాతిలో, పగులు గీత మీద, అట్ట అడుగుకు దగ్గరగా గుచ్చి, ఎర్ర పోగు కొసను దానికి చుట్టింది. మనవడు వేలితో ఆ పోగు వెంబడి పైకి వెళ్లి, పొలం దాకా వచ్చి, అక్కడి నుంచి ఆకుపచ్చ కట్టలోకి చేరాడు. వేరుశనగ ఆకుల నుంచి ఆ నీరు మళ్లీ ఆవిరిగా లేస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

సాయంత్రానికి పిల్లల చేతులు తగిలి కొన్ని పోగులు జారిపోయాయి. ఫెయిర్ మర్నాడు కూడా ఉంది. దీపాలు తీసేసే లోపు ఆమె గుండుసూదులు నోట పట్టుకుని, ఊడిన వాటిని ఒక్కొక్కటే బిగించి, మొదటి నుంచి లెక్కపెట్టుకుంది. పైకి 48. కిందికి 47 వచ్చింది. బల్ల కింద వెతికితే సముద్రం వైపు వానపోగు ఒకటి దొరికింది. దాన్ని కట్టి, మళ్లీ లెక్కపెట్టి, అట్ట మీద దుప్పటి కప్పింది.